మనూరి సిమెంటు మూడో వరసలో ఉంది

మా మేనమామ కోదాడలో ఉంటాడు. పోయినేడాది రోడ్డు పక్కనున్న అరెకరం అమ్మాడు. అప్పులన్నీ తీరాక పద్దెనిమిది లక్షలు మిగిలాయి. ఆ డబ్బు బ్యాంకులో పడుకుని ఉంది, మామకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అల్లుడూ, షేర్లు కొందామనుకుంటున్న. ఎక్కడో ఉన్న కంపెనీ కాదు, మనూరిదే. రామాపురం సిమెంటు. ప్రియా సిమెంటు వాళ్ల కంపెనీ. రోజూ కండ్ల ముందర లారీలు పోతనే ఉన్నయి. ఊర్ల ఇండ్లు లేస్తనే ఉన్నయి. ఇంకేం గావాలె?"

నేను సూర్యాపేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. చుట్టాలందరికీ నేనే ఉచిత సలహా కేంద్రం. వద్దంటే అలుగుతారు, సరే అంటే రేపు ఏదైనా అయితే మళ్లీ నన్నే అంటారు. అందుకే "సాయంత్రం వస్తా, కలిసి చూద్దాం" అని బండి తీశాను.

హైవే మీద కోదాడ వైపు పోతుంటే మామ మాట నిజమేననిపిస్తుంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టంపల్లి చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి, పక్కనే కృష్ణ. సిమెంటు ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి అందుకే వెలిశాయి. ఈ ప్రాంతంలో ప్రతి ఇంటికీ ఏదో ఒక ఫ్యాక్టరీతో చుట్టరికం ఉంటుంది. ఒకరిది ఉద్యోగం, ఒకరిది లారీ, ఒకరిది ఫ్యాక్టరీ గేటు ముందు టీ కొట్టు. కంపెనీ ఎట్లా నడుస్తుందో మాకు తెలుసన్న ధీమా అక్కడి నుంచే వస్తుంది.

మామ అప్పటికే ఫోన్‌లో యాప్ తెరిచి పెట్టుకున్నాడు. అందులో కంపెనీ పేరు, షేరు ధర, కింద మొత్తం అమ్మకాలు, నికర లాభం ఉన్నాయి. "చూడు, వేల కోట్లు!" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే: "మామా, రామాపురం ఫ్యాక్టరీ ఒక్కటే అన్ని వేల కోట్ల సిమెంటు అమ్ముతదా?"

మామ కాసేపు మాట్లాడలేదు.

మొత్తం వెనక మూడు వరసలు

మామ కొనాలనుకున్న షేరు రెయిన్ ఇండస్ట్రీస్‌ది. రామాపురంలో సిమెంటు తయారు చేసేది రెయిన్ సిమెంట్స్ అనే అనుబంధ కంపెనీ. అది స్టాక్ మార్కెట్‌లో విడిగా లేదు. కాబట్టి ఆ సిమెంటులో భాగం కావాలంటే పైనున్న మాతృ సంస్థ షేరు కొనాల్సిందే. అసలు విషయమేమిటంటే, ఆ మాతృ సంస్థ ఎప్పుడో సిమెంటును దాటి చాలా దూరం వెళ్లిపోయింది. 2007లో అమెరికాలోని సీఐఐ కార్బన్‌ను కొన్నది. 2013లో జర్మనీకి చెందిన రూట్‌గర్స్‌ను కొన్నది. ఇప్పుడు దాని ఫ్యాక్టరీలు లూసియానాలో ఉన్నాయి, జర్మనీలో, బెల్జియంలో ఉన్నాయి, విశాఖలోనూ ఉన్నాయి.

ఇవన్నీ కలిపి చూపించేదే కన్సాలిడేటెడ్ లెక్క. మాతృ సంస్థ, దాని కింద ఉన్న కంపెనీలు అన్నీ ఒకే కంపెనీ అయితే ఎట్లా ఉంటుందో అట్లా అన్నిటినీ కలిపి ఒకే అమ్మకం, ఒకే ఖర్చు, ఒకే లాభం చూపిస్తారు. యాప్‌లో మామకు కనబడింది ఆ చివరి అంకె. అది అబద్ధం కాదు. కానీ అందులో రామాపురం ఎంత, లూసియానా ఎంత అన్నది అది చెప్పదు.

చెప్పే పేజీ వేరే ఉంది. బీఎస్ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి, త్రైమాసిక ఫలితాల పీడీఎఫ్ దించుకుని, అందులో `Segment` అని వెతికితే దొరుకుతుంది. మామ ఫోన్‌లోనే దించాం. అదొక చిన్న పట్టిక, మూడు వరసలు. మొదటిది కార్బన్, రెండోది అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్, మూడోది సిమెంటు.

"మనది మూడోదా?" అన్నాడు మామ.

2023 సంవత్సరానికి ఈ సంస్థ మొత్తం అమ్మకాలు సుమారు 18 వేల కోట్ల రూపాయలు. అందులో సిమెంటు వాటా పదో వంతు కూడా లేదు. అంటే మామ వంద రూపాయలు పెట్టి మనూరి సిమెంటు కొన్నానని అనుకుంటే, అమ్మకాల లెక్కన అందులో తొంభైకి పైగా వేరే వ్యాపారాల మీద పెట్టినట్టే. (ఇంకో చిన్న తిరకాసు: ఈ సంస్థ లెక్కల ఏడాది మార్చితో కాదు, డిసెంబర్‌తో ముగుస్తుంది. పక్క సిమెంటు కంపెనీతో పోల్చేవాళ్లు ఇది మరిచిపోతారు.)

మరి ఆ మొదటి వరస కార్బన్ ఏమిటి? చమురు శుద్ధి కర్మాగారాల్లో చివరికి మిగిలే నల్లటి గడ్డ పెట్‌కోక్. దాన్ని పెద్ద గొట్టపు కొలిముల్లో బాగా కాల్చి తేమ, వాయువులు పోగొడితే కాల్సైన్డ్ పెట్‌కోక్ వస్తుంది. అల్యూమినియం తయారీలో విద్యుత్తు పంపే కడ్డీలకు అది కావాలి. అంటే ఈ వరస బాగుండాలంటే కోదాడలో ఇండ్లు లేస్తే సరిపోదు, ప్రపంచంలో అల్యూమినియం స్మెల్టర్లు నిండుగా నడవాలి.

2018లో జరిగింది చూడండి. ఢిల్లీ గాలి కాలుష్యం మీద సుప్రీంకోర్టులో ఏళ్లుగా నడుస్తున్న కేసు ఒకటి ఉంది. అందులో భాగంగా పెట్‌కోక్ దిగుమతుల మీద ఆంక్షలు వచ్చాయి. ఆ అక్టోబర్‌లో కాల్సినేషన్ పరిశ్రమకు ఏడాదికి 14 లక్షల టన్నుల ముడి పెట్‌కోక్‌ దాకా మాత్రమే దిగుమతికి అనుమతి ఇచ్చారు. దేశంలోని కాల్సైనర్లందరూ కలిసి పంచుకోవాల్సిన పరిమితి అది. విశాఖ ప్లాంటు కూడా అప్పుడు ఆ లెక్కలోనే ఉండేది. 2018 మొదట్లో 400 రూపాయలు దాటిన ఈ షేరు, 2020 మార్చి నాటికి వందలోపే ఉంది. ఆ పతనానికి ఈ ఒక్క తీర్పే కారణమని నేననను. అల్యూమినియం మార్కెట్, ఆ తర్వాత కరోనా, అన్నీ కలిశాయి. కానీ ఆ రోజుల్లో రామాపురం గేటు దగ్గర లారీలు లెక్కపెట్టిన మనిషికి ఇందులో ఒక్క సూచన కూడా దొరికేది కాదు. సెగ్మెంట్ పట్టిక చూసిన మనిషికి కనీసం ఎటువైపు చూడాలో తెలిసేది.

ఇంకో ముచ్చట మామకు చాలా నచ్చింది. పెట్‌కోక్ సిమెంటు కొలిమిలో ఇంధనంగా కూడా వాడతారు. అంటే అదే వస్తువు ఒక వరసలో ముడిసరుకు, కింద ఇంకో వరసలో పొయ్యిలో కట్టె. దాని ధర మారినప్పుడు రెండు వరసల మీదా ప్రభావం ఒకే రకంగా ఉండాలని లేదు. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే, కలిపిన మొత్తంలో ఏమీ జరగనట్టే కనిపిస్తుంది.

బాస్ చూసే కాగితం మనకూ చూపించాలి

ఈ పట్టిక పెట్టమని చెప్పే నియమం పేరు ఇండ్ ఏఎస్ 108. మన దేశంలో పెద్ద కంపెనీలకు 2016 ఏప్రిల్ నుంచి వచ్చింది. అంతర్జాతీయంగా ఐఎఫ్ఆర్ఎస్ 8 అంటారు. పేర్లు మరిచిపోయినా ఫర్వాలేదు, దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం గుర్తుంచుకోవాలి. వ్యాపారాన్ని ముక్కలు చేసేటప్పుడు ఆడిటర్‌కు నచ్చినట్టో, ప్రభుత్వం చెప్పినట్టో చేయరు. కంపెనీలో ఏ విభాగానికి ఎంత డబ్బివ్వాలో నిర్ణయించే మనిషి, అది మేనేజింగ్ డైరెక్టర్ కావచ్చు, బోర్డు కావచ్చు, ప్రతి నెలా ఏ ముక్కలుగా లెక్క తెప్పించుకుని చూస్తారో ఆ ముక్కలే బయటివాళ్లకూ చూపించాలి. బాస్ టేబుల్ మీదున్న కాగితం ఏ ఆకారంలో ఉందో మనకూ అదే ఆకారం కనబడాలి.

అన్ని ముక్కలూ చూపించాల్సిన పనిలేదు. అన్ని సెగ్మెంట్ల అమ్మకాలు కలిపిన దాంట్లో పదో వంతు దాటినా, ఆస్తుల్లో పదో వంతు దాటినా, లాభనష్టాల్లో పదో వంతు దాటినా ఆ ముక్కను విడిగా చూపాలి. మూడింటిలో ఏ ఒక్కటి దాటినా చాలు. లాభనష్టాల పరీక్షలో ఒక కిటుకు ఉంది. లాభాల్లో ఉన్న విభాగాల లాభాలన్నీ ఒకవైపు కూడతారు, నష్టాల్లో ఉన్నవాటి నష్టాలన్నీ ఇంకోవైపు కూడతారు. రెంటిలో ఏ మొత్తం పెద్దదో దానిలో పదో వంతు చూస్తారు. ఎందుకంటే నికర లాభంతో పోలిస్తే మోసపోతాం. ఒక విభాగం 50 లాభం, ఇంకోటి 48 నష్టం అనుకోండి, నికరం 2. ఆ 2లో పదో వంతు అనేది అర్థం లేని కొలత. కానీ ఆ 48 నష్టాన్ని దాచడానికి ఎవరికీ వీలుండకూడదు. మొత్తం అంకె దాచేదే అది.

ఇవన్నీ అయ్యాక, విడిగా చూపించిన విభాగాలు కలిసి బయటి అమ్మకాల్లో కనీసం 75 శాతం ఉండాలి. లేకపోతే పదో వంతు దాటని వాటిని కూడా పైకి తేవాలి. మిగిలినవి "ఇతరాలు" అనే వరసలోకి పోతాయి.

మామ ఇక్కడ పట్టుకున్నాడు. "మన సిమెంటు పదో వంతు లేదంటివి కద. మరి దానికి వరస ఎందుకిచ్చిండ్రు?" మంచి ప్రశ్న. అమ్మకాల్లో దాటకపోయినా ఆస్తుల్లోనో లాభంలోనో దాటి ఉండొచ్చు. ఏదీ దాటకపోయినా, చదివేవాళ్లకు పనికొస్తుందని యాజమాన్యం అనుకుంటే విడిగా చూపించవచ్చు. కార్బన్‌కూ సిమెంటుకూ పోలికే లేదు కాబట్టి విడిగా ఉండటమే మనకు మేలు. నియమం ఒప్పుకుంది కదా అని దాన్ని ఇతరాల్లో కలిపేసి ఉంటే, మామ అడిగిన ప్రశ్నకు జవాబే దొరికేది కాదు.

మిర్యాలగూడ ఊక

"సరే, అయితే దీన్ని వదిలేద్దాం. ఒట్టి మన దిక్కు కంపెనీలే చూపెట్టు" అన్నాడు మామ. ఉన్నాయి. మట్టంపల్లి దగ్గర సింహపురిలో ఫ్యాక్టరీ ఉన్న ఎన్‌సీఎల్ ఇండస్ట్రీస్, అదే నాగార్జున సిమెంట్ వాళ్లు. దొండపాడులో సిమెంటు, ఖమ్మం జిల్లా కల్లూరు దగ్గర పేరువంచలో చక్కెర చేసే కాకతీయ సిమెంట్ షుగర్ అండ్ ఇండస్ట్రీస్. రెండూ జర్మనీ వెళ్లలేదు. కానీ వీటి లోపల కూడా వరసలున్నాయి. ఎన్‌సీఎల్‌లో సిమెంటుతో పాటు సిమెంటు బోర్డులు, రెడీమిక్స్ కాంక్రీటు, చిన్న జల విద్యుత్ కేంద్రాలు, తలుపులు ఉన్నాయి. కాకతీయలో సిమెంటు, చక్కెర, విద్యుత్తు.

ఇక్కడ సమస్య ఇంకో రకంగా ఉంటుంది. ఇక్కడి వరసలు ఒకదానికొకటి సరుకు ఇచ్చుకోగలవు. బోర్డులకు, కాంక్రీటుకు సిమెంటు కావాలి, అది ఇంట్లోనే తయారవుతోంది. చక్కెర మిల్లులో మిగిలే చెరకు పిప్పి విద్యుత్తు బాయిలర్‌కు ఇంధనం. ఇంట్లోవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే సరుకుకు ధర ఎవరు పెడతారు?

ఇది మామకు చెప్పడానికి నాకు పుస్తకం అవసరం రాలేదు. మిర్యాలగూడలో నా స్నేహితుడి ఇంట్లో జరిగిందే చెప్పాను.

వాళ్లకు ఒక రైస్ మిల్లు, ఊరి బయట ఒక ఇటుక బట్టీ. మిల్లు పెద్దన్న చూస్తాడు, బట్టీ తమ్ముడు చూస్తాడు. ఖాతా ఒకటే, ఏడాది చివర కలిపి చూసుకుంటారు. ఒక ఏడాది మొత్తం లాభం 20 లక్షలు వచ్చింది. పంపకాల మాట రాగానే తమ్ముడు బట్టీ లెక్క విడిగా తీశాడు. అందులో 12 లక్షల లాభం. అంటే మిల్లుది 8. "రాత్రింబవళ్లు నడిచే మిల్లు కన్నా నా బట్టీయే ఎక్కువ తెస్తుంది, నాకు ఎక్కువ రావాలి" అన్నాడు. అన్న నోరు మెదపలేదు. అంకెలు అట్లాగే ఉన్నాయి మరి.

స్నేహితుడు ఆ కాగితాలు నాకు చూపించాడు. బట్టీ ఖర్చుల్లో మట్టి ఉంది, కూలి ఉంది, డీజిల్ ఉంది. ఇటుక కాల్చిన ఇంధనం ఖర్చు మాత్రం లేదు. ఎందుకు లేదంటే అది మిల్లులో వచ్చే ఊక. ఇంట్లోదే కదా అని ట్రాక్టర్‌లో వేసుకుని తెచ్చుకుంటారు. ఏడాదికి 300 టన్నులు పోతుందని అన్న లెక్క చెప్పాడు. అదే ఊకను బయటి వ్యాపారి ఆ ఏడాది టన్నుకు మూడు వేలు పెట్టి కొంటున్నాడు. అంటే 9 లక్షలు. ఆ డబ్బు మిల్లుకు కట్టినట్టు రాస్తే బట్టీ లాభం 12 నుంచి 3కు దిగుతుంది, మిల్లు లాభం 8 నుంచి 17కు ఎక్కుతుంది. మొత్తం మాత్రం అదే 20.

ఆ రాత్రి ఇద్దరన్నదమ్ములు చాలాసేపు వాదించుకున్నారు. తమ్ముడి వాదనలోనూ పస ఉంది. బట్టీ లేకపోతే మీరు ఊక మొత్తం మూడు వేలకే అమ్మగలిగేవారా, సీజన్‌లో ఊక కుప్పలు పడి ఉంటే కొనేవాడే ఉండడు అన్నాడు. చివరికి టన్నుకు రెండు వేలు అనుకున్నారు. బట్టీకి 6, మిల్లుకు 14. ఇది సరైన ధరేనా అంటే, సరైన ధర అనేది ఒకటి లేదు. ఒప్పుకున్న ధర ఉంటుంది, అంతే.

కంపెనీల్లో దీన్నే ఇంటర్ సెగ్మెంట్ అమ్మకం అంటారు. పట్టికలో విభాగాల అమ్మకాలు కూడాక "తగ్గింపు: ఇంటర్ సెగ్మెంట్" అని ఒక గీత కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ఇంట్లోవాళ్లకు అమ్మింది మొత్తంలో లెక్కకు రాదు కాబట్టి తీసేస్తారు. చాలామంది ఆ గీతను దాటేస్తారు. నాకు మాత్రం ముందు అక్కడికే కన్ను పోతుంది. ఆ అమ్మకానికి ధర ఏ పద్ధతిలో కట్టారో వార్షిక నివేదిక నోట్సులో చెప్పాలని నియమం. మార్కెట్ ధరకా, ఖర్చు ధరకా అని అక్కడ ఒక వాక్యం ఉంటుంది.

లెక్క కోసం ఒక ఊహా కంపెనీ అనుకుందాం. సిమెంటు, విద్యుత్తు రెండే విభాగాలు. నిరుడు సిమెంటు లాభం 24 కోట్లు, విద్యుత్తుది 6, మొత్తం 30. ఈ ఏడాది సిమెంటు 6, విద్యుత్తు 24, మొత్తం మళ్లీ 30. మొత్తం మాత్రమే చూసినవాడు "ఏం మారలేదు" అంటాడు. వరసలు చూసినవాడు "సిమెంటు కూలిపోయింది, విద్యుత్తు అద్భుతం" అంటాడు. ఇద్దరూ తొందరపడ్డట్టే. ఇంటర్ సెగ్మెంట్ గీత చూస్తే విద్యుత్తు విభాగం సిమెంటుకు నిరుడు 40 కోట్ల కరెంటు అమ్మింది, ఈసారి 54 కోట్లది. నివేదికలో ఇచ్చిన యూనిట్లు చూస్తే రెండేళ్లూ దాదాపు సమానం. అంటే వాడకం పెరగలేదు, ఇంట్లో పెట్టుకున్న ధర పెరిగింది. 14 కోట్లు ఒక జేబు నుంచి ఇంకో జేబుకు మారాయి. సిమెంటు నిజంగా తగ్గింది 18 కాదు, 4. విద్యుత్తు నిజంగా పెరిగింది కూడా 4.

మొత్తం దాచిందాన్ని వరస చూపిస్తుంది, నిజమే. కానీ వరస చూపించేది కూడా ఇంటి పెద్ద పెట్టిన ధరల మీద నిలబడి ఉంటుంది. ఇది కూడా మామకు చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు.

ఎవరి ఖాతాలోనూ పడని అప్పు

అప్పటికి అత్త రెండోసారి టీ తెచ్చింది. మామ కళ్లద్దాలు పెట్టుకుని పట్టిక కింద భాగం చూస్తున్నాడు. "ఇదేంది, మూడింట్ల లాభమే ఉన్నా కింద నష్టం రావొచ్చా?" అని అడిగాడు.

రావొచ్చు. విభాగాల ఫలితం అన్నాక సాధారణంగా అందులో వడ్డీ ఉండదు, పన్ను ఉండదు, హెడ్డాఫీసు ఖర్చుల్లో కొన్ని ఉండవు. వాటిని "కేటాయించనివి" అని పట్టిక కింద చూపిస్తారు. అప్పు చేసి ఇంకో దేశంలో కంపెనీ కొన్నారనుకోండి, ఆ వడ్డీ ఏ వరసలోనూ కనబడకపోవచ్చు. ప్రతి విభాగమూ తన కాళ్ల మీద నిలబడ్డట్టే ఉంటుంది, కిందికి దిగేసరికి వడ్డీ మొత్తాన్ని తినేసి ఉంటుంది. రెయిన్ ఇండస్ట్రీస్ 2023 సంవత్సరాన్ని నష్టంతో ముగించింది. అట్లాంటి ఏడాదిలో సిమెంటు వరస ఎట్లా ఉంది, మిగతా రెండు ఎట్లా ఉన్నాయి, వడ్డీ ఎంత, ఆస్తుల విలువ తగ్గించి రాసింది ఎంత అని విడివిడిగా చూడకుండా "సిమెంటు కంపెనీ నష్టాల్లో పడ్డది" అని టీ కొట్టు దగ్గర తేల్చేస్తే రామాపురంలో పనిచేసేవాళ్లకు అన్యాయం చేసినట్టే.

అసలు వరసలే లేని కంపెనీలూ ఉన్నాయి. `Segment` అని వెతికితే "మాది సిమెంటు ఒక్కటే వ్యాపారం, కాబట్టి ఒకే సెగ్మెంట్" అని ఒక వాక్యం దొరుకుతుంది. దేశంలో అన్నిటికన్నా పెద్దదైన అల్ట్రాటెక్ కూడా తనది సిమెంటు, దాని అనుబంధ ఉత్పత్తుల వ్యాపారమనే చెబుతుంది. అందులో తప్పేం లేదు. ఒకే సరుకు, ఒకే రకం కొనుగోలుదారులు, లాభాల తీరు కూడా ఒకేలా ఉంటే రెండు ముక్కలను కలిపి చూపడానికి నియమం ఒప్పుకుంటుంది. కానీ ఒక ప్లాంటు బాగా నడిచి ఇంకో ప్లాంటు ఈడుస్తుంటే, ఆ తేడా మనకు పట్టికలో దొరకదు. అప్పుడు కంపెనీ పెద్దలు బయట ఏం మాట్లాడుతున్నారో వినాలి. ఫలితాల తర్వాత జరిగే కాన్ఫరెన్స్ కాల్‌లో ఎండీ గారు ప్లాంటు వారీగా, ప్రాంతం వారీగా గడగడా అంకెలు చెబుతూ, కాగితం మీద మాత్రం ఒకే సెగ్మెంట్ అంటే, బాస్ చూసే కాగితం వేరు, మనకిచ్చింది వేరు అని అనుమానించాల్సి వస్తుంది. ఆడిటర్లు, సెబీ అడిగే ప్రశ్నా అదే.

ఒకే సెగ్మెంట్ అన్నా తప్పించుకోలేనివి కొన్ని ఉన్నాయి. ఏ ఉత్పత్తి ఎంత అమ్మారు, స్వదేశంలో ఎంత, విదేశాల్లో ఎంత, ఒక్క కస్టమరే అమ్మకాల్లో పదో వంతు దాటితే ఆ సంగతి చెప్పాలి. కస్టమర్ పేరు చెప్పక్కర్లేదు, అంకె చెబితే చాలు. చిన్న కంపెనీల్లో ఈ చివరిది చాలా పనికొస్తుంది. సగం సరుకు ఒక్కడే కొంటున్నాడంటే, వాడు రేపు ముఖం తిప్పుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇంకొకటి. కంపెనీ తన విభాగాలను మార్చుకోవచ్చు, ఈ ఏడాది నాలుగు వరసలు వచ్చే ఏడాది మూడు కావచ్చు. అట్లా మార్చినప్పుడు పాత ఏడాది అంకెలను కూడా కొత్త పద్ధతిలో తిరగరాసి పక్కన పెట్టాలి. కాబట్టి ఇప్పటి పీడీఎఫ్‌లోని నిరుటి అంకె, నిరుటి పీడీఎఫ్‌లోని అంకెతో కలవకపోతే కంగారు పడకండి. ముందు నోట్స్ చదవండి, ఏ వరస మాయమైందో చూడండి. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన మాత్రం అన్నిటికన్నా ముందు అదే చూస్తాడు. నష్టాల్లో ఉన్న వరస లాభాల్లో ఉన్న వరసలో కలిసిపోయిందా అని. ఒక్కోసారి దొరుకుతుంది కూడా.

చీకటి పడింది. మామ ఆ రోజు ఏమీ కొనలేదు. వారం తర్వాత పద్దెనిమిదిలో పదిహేను లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాడు. మిగిలిన మూడు లక్షల్లో కొంతతో షేర్లు కొన్నాడు. ఏ కంపెనీవో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ మొన్న ఫలితాల సీజన్‌లో రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఫోన్ స్క్రీన్‌ను ఇంకో ఫోన్‌తో తీసిన ఫొటో, పట్టిక సగం కోసుకుపోయింది, ఒక గీత చుట్టూ ఎర్రటి సున్నా.

కింద మామ మెసేజ్: "ఇంటర్ సెగ్మెంట్ నిరుటి కంటె పెరిగింది. ధర పెంచిండ్రా, సరుకు పెరిగిందా? యూనిట్లు ఏ పేజీల ఉంటయిరా?"